స్టెప్నీగా ఉన్న ఆరు వారాలు

నాకు కోపం వస్తే చేతులు చల్లబడతాయి. అరవడం నాకు చేతకాదు. ఇరవై రెండేళ్లు ఢిల్లీ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేశాక, ఎంత మంట ఉన్నా గొంతు మెత్తగానే పలుకుతుంది. మా వారు దాన్ని శాంతం అనుకుంటారు. చర్చిలో వాళ్లు కూడా అలాగే అనుకుంటారు. నేను వాళ్ల భ్రమ పోగొట్టే ప్రయత్నం ఎప్పుడూ చేయలేదు.

ఆ రోజు నా చేతులు చల్లబడింది ఢిల్లీ శివారులో వైశాలి మెట్రో స్టేషన్ దగ్గర, షేర్ ఆటోలో. మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇందిరాపురంలో మా ఇంటికి వెళుతున్నాను. ఫోన్ మోగింది. నోయిడాలో కొత్తగా తెరుస్తున్న ఆసుపత్రి కోసం నర్సింగ్ సూపరింటెండెంట్‌ను వెతుకుతున్న రిక్రూటర్ అమ్మాయి. మూడు ఇంటర్వ్యూలు అయ్యాయి, చివరిది బాగా జరిగింది, ఆ ఫోన్ కోసమే వారం నుంచి కాచుకుని ఉన్నాను. పక్కన కూర్చున్న ఆవిడ కూరగాయల సంచి నా ఒళ్లోకి జారుతున్నా పట్టించుకోకుండా ఫోన్ ఎత్తాను.

"మ్యామ్, ప్యానల్‌కి మీరు చాలా నచ్చారు," అంది హిందీలో. తర్వాత ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం నాకు తెలుసు. రిపోర్ట్ బాగా రానప్పుడు డాక్టర్లు కూడా అలాగే ఆగుతారు. "కానీ ప్రస్తుతానికి మీరు బ్యాకప్‌లో ఉన్నారు. మొదటి క్యాండిడేట్‌తో మాట అయిపోయింది. మీరు మాత్రం ప్లీజ్, పాజిటివ్‌గా ఉండండి. ఇంట్రెస్ట్ పోగొట్టుకోకండి."

పాజిటివ్‌గా ఉండమని చెప్పడానికి ఆ అమ్మాయికి ఎంత వయసుంటుంది, పాతికేళ్లా? నాకు ఒళ్లు మండిపోయింది. అయినా అడగాల్సినవి అడిగాను. మొదటి మనిషి సంగతి ఎప్పటికి తేలుతుంది? ఆ మనిషిలో ఉండి నాలో లేనిదేమిటి? నన్ను ఇంటర్వ్యూ చేసిన వాళ్లకు కృతజ్ఞతలు చెబుతూ ఒక మెయిల్ రాయవచ్చా?

ఆ అమ్మాయి ఆశ్చర్యపోయినట్టుంది. బ్యాకప్ అనగానే చాలామంది ఫోన్ పెట్టేస్తారట, లేకపోతే మరి నన్నెందుకు పిలిచారని కొట్లాటకు దిగుతారట. కాస్త దిగివచ్చి విషయం చెప్పింది. ఆ మొదటి మనిషి ఒక నర్సింగ్ ఆఫీసు మొత్తాన్ని నడిపింది, నేను నడిపింది నాలుగు ఫ్లోర్లు మాత్రమే. వెరిఫికేషన్ పూర్తయ్యాకే ఆఫర్ లెటర్ ఇస్తారు, దానికి నాలుగైదు వారాలు పడుతుంది. ఈలోగా నేను వేరే చోట్ల ప్రయత్నించడం ఆపనక్కర్లేదు, ఉన్న ఉద్యోగానికి రాజీనామా మాత్రం ఇవ్వొద్దు. అంతవరకూ ఆ అమ్మాయి నిజాయితీగానే మాట్లాడింది.

ఇంటికి రాగానే మా అమ్మాయి, పన్నెండో తరగతి, నా మొహం చూసి విషయం లాగేసింది. అంతా విని పెన్ను నోట్లో పెట్టుకుని, "మతలబ్ మమ్మీ, తుమ్ స్టెప్నీ హో," అంది.

"స్టెప్నీ ఏంటే?"

"డిక్కీలో ఉంటుంది కదా. పంక్చర్ హోగా తో నికాలేంగే, అప్పుడే బయటికి తీస్తారు."

దాని వీపు మీద ఒకటి వేయబోయి ఆగాను. అది చెప్పింది నిజమే. అయితే ఆ పంక్చర్ ఎవరికి అవుతుందో అప్పటికి నాకు తెలియదు.

ఆ ఉద్యోగం నాకెందుకు అంతగా కావాలో చెప్పాలి. హోదా కోసం కాదు. పాత ఆసుపత్రిలో మా నర్సింగ్ ఆఫీసును నడిపే ఆవిడ కింద ఇంకో సంవత్సరం పనిచేస్తే నేను మనిషిగా మిగలనని నాకు అనిపించేది.

ఆవిడా తెలుగావిడే, మా చర్చే. ఆదివారం నాడు నేను ఆవిడను అక్కా అనాలి, సోమవారం మేడమ్ అనాలి. నాకంటే ఆరేళ్లు పెద్ద. ఢిల్లీకి వచ్చిన కొత్తలో నాకు గది చూపించింది ఆవిడే, హిందీ రాక బిక్కమొహం వేసుకుని తిరుగుతుంటే తన వెంట తిప్పుకున్నదీ ఆవిడే. ఆ విశ్వాసం నాలో ఎంతగా ఉండేదంటే, ఆవిడ ముందు పెట్టిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టేదాన్ని.

మూడేళ్ల కిందట నేను చూసే ఫ్లోర్లలో ఒకదానిలో ఒక పెద్దాయన తెల్లవారుజామున మంచం మీంచి పడ్డాడు. మణికట్టు విరిగింది. మంచం పక్క రెయిలింగ్ గొళ్లెం పాడైపోయి ఉంది, పైకెత్తితే నిలవదు. ఆ సంగతి మెయింటెనెన్స్ రిజిస్టర్‌లో నేను మూడుసార్లు రాశాను. ఆయన కొడుకులు గొడవ చేశారు. ఆ మధ్యాహ్నం ఆవిడ నన్ను ఆఫీసుకు పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, టైపు చేసిన ఒక కాగితం ముందు పెట్టింది.

"ఊరికే ఫార్మాలిటీ అమ్మా. సంతకం పెట్టు, మిగతాది నేను చూసుకుంటాగా."

పెట్టాను. రెయిలింగ్ ఎత్తకపోవడం నా పర్యవేక్షణలో జరిగిన పొరపాటు అని ఆ కాగితంలో ఉందని వారం తర్వాత వార్నింగ్ లెటర్ చేతికి వచ్చాక తెలిసింది. అప్పుడు వెళ్లి రిజిస్టర్ తెరిచి చూశాను. నేను రాసిన మూడు ఫిర్యాదుల పక్కనా చూసినట్టు ఆవిడ సంతకం ఉంది. రిపేరుకు మంజూరు చేయాల్సింది ఆవిడే, చేయలేదు. ఆ మూడు పేజీలూ జిరాక్స్ తీయించి ఇంట్లో బీరువాలో చీరల కింద దాచాను.

దాచాను, అంతే. ఎవరికీ చూపించలేదు. ఫిర్యాదు చేస్తే కమిటీ వేస్తారు, నర్సుల మీద కమిటీ అంటే అందులో ఆవిడే కూర్చుంటుంది. ఈ సాకు నాకు చాలాకాలం పనికొచ్చింది. అసలు సంగతి నాకు భయం. రెండుసార్లు ప్రమోషన్ జాబితా వచ్చింది, రెండుసార్లూ నా ఫైలు తెరిచి ఆ వార్నింగ్ చూసి పక్కన పెట్టారు. రెండోసారి ఆవిడే వచ్చి నా చెయ్యి పట్టుకుని, ప్రార్థన చేసుకో అమ్మా అంది. ఆ చేతిని ఆ రోజు నాలుగుసార్లు సబ్బుతో కడుక్కున్నాను.

కాబట్టి నోయిడా ఉద్యోగం నాకు ఉద్యోగం కాదు, పగ. ఆవిడ కుర్చీతో సమానమైన కుర్చీలో కూర్చుని, ఏదో ఒక మీటింగ్‌లో ఆవిడకు ఎదురుగా టీ తాగాలి. అందుకే రిక్రూటర్ చెప్పిన పాజిటివ్‌నెస్ నాకు కష్టం కాలేదు. పళ్లు నూరుకుంటూ కూడా మర్యాదగా మెయిల్ రాయవచ్చని ఆ ఆరు వారాల్లో నేర్చుకున్నాను.

మొదటి మెయిల్ ఆ మర్నాడే రాశాను. కృతజ్ఞతలు, నాకు ఇంకా ఆసక్తి ఉంది, పరిస్థితి మారితే వెంటనే మాట్లాడటానికి సిద్ధం. ఐదు వాక్యాలు. అందులో నిరాశ లేదు, నిష్ఠూరం లేదు, బతిమాలడం లేదు. నాలుగుసార్లు చెరిపి రాశాను. మొదటి చిత్తులో "మీ నిర్ణయాన్ని అర్థం చేసుకోగలను" అని ఉంది. నాకు అర్థం కాలేదు కాబట్టి తీసేశాను.

రెండు వారాలు ఊరుకున్నాను. ప్రతి మూడో రోజూ ఏమైందని అడిగే మనిషిని ఎవరూ గౌరవించరు, రోగి బంధువులతో పడ్డ నాకు ఆ సంగతి బాగా తెలుసు. ఈలోగా నాలో లేదన్న దాని మీద పడ్డాను. బడ్జెట్, సిబ్బంది లెక్క. కొత్త ఆసుపత్రి మొదటి ఆరు నెలల్లో ఏ వార్డుకు ఎంతమంది నర్సులు కావాలో, సెలవులూ రాత్రి డ్యూటీలూ కలిపి రెండు పేజీల్లో వేసి, ఇంటర్వ్యూలో మీరు అడిగిన ప్రశ్న గురించి ఇంకాస్త వివరంగా ఆలోచించాను అని పంపాను. ఇంకో రెండు చోట్ల కూడా దరఖాస్తు పెట్టాను, ఒకచోట ఇంటర్వ్యూకి వెళ్లాను. స్టెప్నీ అయినంత మాత్రాన డిక్కీలోనే పడి ఉండాలని లేదు.

రిక్రూటర్ ఫోన్ చేసి, "మ్యామ్, డైరెక్టర్ గారు మీ పేపర్ ప్రింట్ తీసుకున్నారు," అంది. తర్వాత తనే, "కానీ స్టేటస్ అదే," అంది. ఠీక్ హై అన్నాను.

నాలుగో వారంలో మా మేడమ్ నన్ను ఆఫీసులోకి పిలిచింది. తలుపు వేయమంది. తలుపు వేయమంటే సాధారణంగా ఏదో కాగితం ఉంటుంది కాబట్టి ముందు బల్ల మీదకు చూశాను. కాగితం లేదు, లడ్డూల డబ్బా ఉంది.

"కూర్చో. తీసుకో. నీకే ముందు చెబుతున్నా, ఎవరితోనూ అనబాక. నోయిడాలో కొత్త హాస్పిటల్ వస్తందే, అందులో నాకు సూపరింటెండెంట్‌గా దాదాపు ఖాయమైనట్టే."

లడ్డూ చేతిలోనే ఉంది. నా చేతులు చల్లబడ్డాయి.

"నీకో ఫోనొస్తదమ్మా. వెరిఫికేషన్ వాళ్లు. పైవాళ్లలో ఒకరు, సాటివాళ్లలో ఒకరు, కింద పనిచేసిన వాళ్లలో ఒకరు, ముగ్గురి పేర్లు ఇమ్మన్నారు. మన పిల్లవి గదా, కిందవాళ్లలో నీ పేరే ఇచ్చా. నాలుగు మంచి ముక్కలు చెప్పు. నేనెప్పుడూ నిన్ను చెల్లెల్లాగే చూసుకున్నా గదా."

నన్ను అడగకుండానే నా పేరు ఇచ్చేసింది. ఎనభై మంది నర్సుల్లో ఎవరిని ఇవ్వాలా అని ఆలోచించి ఉండదు కూడా. తెలుగు పిల్ల, చర్చి పిల్ల, పెట్టమన్నచోట సంతకం పెట్టే పిల్ల. నేను కూడా అదే కుర్చీకి పోటీలో ఉన్నానని ఆవిడకు కలలో కూడా తోచలేదు. అది అన్నిటికంటే ఎక్కువగా మండింది.

"అలాగే మేడమ్," అన్నాను. లడ్డూ తిన్నాను. బాగుంది కూడా.

ఆ తర్వాతి రెండు రోజులూ నేను బతికినంత హాయిగా ఎప్పుడూ బతకలేదు. వంట చేస్తూ, మెట్రోలో నిలబడి, మనసులోనే జవాబులు తయారు చేసుకున్నాను. ఆవిడ నిజాయితీ గురించి అడుగుతారు, మంచం రెయిలింగ్ కథ చెబుతాను. తేదీలతో సహా చెబుతాను. కావాలంటే మూడు పేజీలు పంపుతాను. అబద్ధం ఒక్క అక్షరం ఉండదు. ఆవిడకు నోయిడా ఉద్యోగం తప్పిపోతుంది, అది నాకు వస్తుంది. ఇంత శుభ్రమైన పగ ఎవరికి దొరుకుతుంది?

రెండో రోజు సాయంత్రం మా అమ్మాయికి చెప్పాను, ఎవరికో ఒకరికి చెప్పకపోతే పగిలిపోయేలా ఉన్నాను మరి. అది పుస్తకం మూసి తలెత్తింది.

"మమ్మీ, వాళ్లకు తర్వాత తెలిస్తే? నువ్వే బ్యాకప్, నువ్వే ఆమె గురించి చెడుగా బోలా. కౌన్ మానేగా, ఎవరు నమ్ముతారు?"

నాకు కోపం వచ్చింది, అది తప్పు చెప్పినందుకు కాదు. నా దగ్గర మూడేళ్లుగా దాచుకున్న నిజం ఉంది. ఈ ఒక్క చోట, ఈ ఒక్క ఫోన్‌లో చెబితే అది నిజంగా మిగలదు, స్టెప్నీ ఏడుపు అయిపోతుంది. ఆవిడ దర్జాగా, చూశారా, ఉద్యోగం కోసం ఎంతకు దిగిందో అంటుంది. పైగా నేను నాలుగు వారాలుగా పళ్లు బిగించి పంపిన మర్యాద మెయిళ్లన్నీ నాటకం అయిపోతాయి. మంచిగా చెప్పడమా? చస్తే చెప్పను.

మూడో రోజు డ్యూటీలో ఉండగా ఫోన్ వచ్చింది. వెరిఫికేషన్ చేసేది రిక్రూటర్ కాదు, ఆసుపత్రీ కాదు, దానికి వేరే ఏజెన్సీ. అందుకే నా పేరు రెండు జాబితాల్లో ఉందని అక్కడ ఎవరికీ తెలియదు. ఒకతను ఫారం చూసి ప్రశ్నలు చదవడం మొదలుపెట్టాడు. దుప్పట్లు పెట్టే లినెన్ గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను.

"ఆగండి భయ్యా," అన్నాను హిందీలో. "ఈ ఉద్యోగానికి నేను కూడా అభ్యర్థిని. ఆవిడ గురించి నేను మంచి చెప్పినా చెడు చెప్పినా న్యాయంగా ఉండదు. నా జవాబు రాసుకోకండి. ఆవిడ కింద ఎనభై మంది పనిచేస్తున్నారు. ఇంకొకరి పేరు అడగండి."

అతని ఫారంలో దీనికి గడి ఉన్నట్టు లేదు. చివరికి, అచ్ఛా మ్యామ్, ఇదే రాసి పంపుతాను అన్నాడు. వెంటనే రిక్రూటర్‌కు ఫోన్ చేసి అదే చెప్పాను, ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. ఆ అమ్మాయి, "మ్యామ్, మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు," అంది. "నాకు తెలుసు కదా," అన్నాను. ఈ పోస్టు మీద నా ఆసక్తి అలాగే ఉందని కూడా చెప్పి పెట్టేశాను.

చదివేవాళ్లు ఇక్కడ నన్ను మంచిదాన్ని అనుకుంటే నాకు ఇబ్బంది. నేను ఎనభై మంది అన్నప్పుడు నా మనసులో ఉన్నది మంచితనం కాదు. ఆ ఎనభై మందినీ నేను ఎరుగుదును. సెలవు కోసం ఆవిడ తలుపు దగ్గర నిలబడి ఏడ్చిన వాళ్లు ఎవరో, తల్లి చనిపోతే నాలుగో రోజే డ్యూటీకి వచ్చింది ఎవరో, నాలాగే కాగితం మీద సంతకం పెట్టింది ఎవరో నాకు తెలుసు. వెతుక్కో అక్కా అనుకున్నాను. నీ గురించి మనసారా నాలుగు మంచి ముక్కలు చెప్పే మనిషిని ఒక్కరిని వెతుక్కో.

నేను పోటీలో ఉన్నానని ఆవిడకు చెప్పడం ఏజెన్సీ వాళ్ల పద్ధతి కాదు, చెప్పలేదు. పేరు మార్చి ఇవ్వమన్నారంతే. ఆవిడ నా దగ్గరికి వచ్చి, ఫోన్ రాలేదా అంది. వచ్చింది మేడమ్, ఇంకొకరిని అడుగుతామన్నారు అన్నాను. తర్వాత పది రోజులు ఆఫీసు తలుపు మాటిమాటికీ మూసుకుంది. లడ్డూల డబ్బా తిరిగింది. లోపలికి వెళ్లిన ప్రతి నర్సూ అచ్ఛా మేడమ్, ష్యూర్ మేడమ్ అంటూ బయటికి వచ్చింది. ఆవిడ మొదట ఎవరి పేరిచ్చిందో ఆ నర్సు ఏజెన్సీ ఫోన్ ఎత్తనేలేదు. రెండో ఆవిడ ఎత్తి, నేనేమీ చెప్పదలచుకోలేదు అందట. మూడో ఆవిడ మాత్రం అరగంట మాట్లాడిందని డ్యూటీ గదిలో చెప్పుకున్నారు. ఏం మాట్లాడిందో నేను అడగలేదు. టీ కప్పు పట్టుకుని వింటూ కూర్చున్నాను, చాలా సంతోషంగా ఉంది.

ఆరో వారం చివర రిక్రూటర్ ఫోన్ చేసింది. "మ్యామ్, మొదటి క్యాండిడేట్ వెరిఫికేషన్ క్లోజ్ కాలేదు. ఇంతకంటే నేను చెప్పకూడదు. మీకు ఇంకా ఇంట్రెస్ట్ ఉందా?" ఉంది అన్నాను. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. ఫోన్ పెట్టాక వంటింటి గట్టు పట్టుకుని నిలబడి నవ్వాను. మా అమ్మాయి వచ్చి చూసి, డిక్కీ ఖుల్ గయీ క్యా, తెరుచుకుందా అంది.

ఇక మిగిలింది నా వెరిఫికేషన్. ఫారం వచ్చింది. అందులో మొదటి గడి, ప్రస్తుతం మీ పైఅధికారి. మెడికల్ సూపరింటెండెంట్ పేరు రాయవచ్చు, ఆయన ఒప్పుకునేవారు. నేను మా మేడమ్ పేరే రాశాను. దానితోపాటు, క్రమశిక్షణ చర్యలేవీ లేవని నర్సింగ్ ఆఫీసు నుంచి ఒక సర్టిఫికెట్ కావాలన్నారు. దాన్ని నేనే టైపు చేయించాను. మూడేళ్ల కిందటి వార్నింగ్, పరికరం లోపాన్ని ముందే రాతపూర్వకంగా తెలియజేసినందువల్ల, వెనక్కి తీసుకోబడింది అని అందులో ఒక పంక్తి ఉంది.

బీరువా తీసి చీరల కింద నుంచి జిరాక్స్ కాగితాలు తీసుకున్నాను. మర్నాడు ఉదయం ఆఫీసుకు వెళ్లి, ఈసారి నేనే తలుపు వేశాను.

"మీకో ఫోనొస్తుంది మేడమ్. నోయిడా హాస్పిటల్ వెరిఫికేషన్ వాళ్లు. పైవాళ్లలో మీ పేరే ఇచ్చాను. నాలుగు మంచి ముక్కలు చెప్పండి. మీరెప్పుడూ నన్ను చెల్లెల్లాగే చూసుకున్నారు గదా."

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఒక్కొక్కటే కలుపుకుంటున్నట్టుంది.

"నువ్వా?" అంది. "నా గురించి ఏం చెప్పావే వాళ్లకి?"

"ఏమీ చెప్పలేదక్కా. నన్ను అడగొద్దన్నాను. మీ కింద పనిచేసేవాళ్లలో ఇంకెవరినైనా అడగమన్నాను."

నేను సర్టిఫికెట్ బల్ల మీద పెట్టి, దాని పక్కన మూడు రిజిస్టర్ పేజీలు పరిచాను. మూడు చోట్లా ఆవిడ సంతకం పైకి కనబడేలా పెట్టాను. పెన్ను మూత తీసి అందించాను.

"ఊరికే ఫార్మాలిటీ మేడమ్," అన్నాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. కాగితం దగ్గరకు లాక్కుని మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా చదివింది. మళ్లీ మొదటికి వెళ్లి ఇంకోసారి, వేలు పెట్టుకుంటూ చదివింది. ఆ తర్వాతే సంతకం పెట్టింది.